చేయొచ్చా? చేయొద్దా?

ఈ రెండు మాటలు ఒకసారి బయటికి అనండి. చేయొచ్చు. చేయొద్దు. మొదలు ఒకటే, చివర ఒకటే. మధ్యలో ఉన్న ఒక్క ఒత్తక్షరమే తేడా. అర్థాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మన చెవులకు ఈ తేడా తెలియకపోవడం అనే ప్రశ్నే రాదు. డెబ్బై దాటినవాళ్ల చెవులకు మాత్రం, వెనకాల కాస్త సంగీతం ఉంటే చాలు, ఈ రెండూ ఒకేలా వినపడొచ్చు.

పోయిన ఏడాది మా అమ్మమ్మకు తెనాలిలో శుక్లం ఆపరేషన్ అయింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు అమ్మ ఫోన్‌కి ఒక వీడియో పంపారు. రెండు నిమిషాల నలభై సెకన్లు. తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఎనిమిది అందులో ఉన్నాయి. వెనకాల తంబురా, దాని మీద వేణువు, ముందు టీవీ యాంకర్ వేగంతో ఒక గొంతు. అందులో ఒక వాక్యం ఇది: ‘మొదటి పది రోజులు తలస్నానం చేయొద్దు, మెడ కింద నుంచి స్నానం చేయొచ్చు.’ అమ్మమ్మ ఆ వీడియో మూడుసార్లు చూసింది. ‘అర్థమైందా?’ అంటే ‘ఆ, అర్థమైంది’ అంది. నాలుగో రోజు పొద్దున్నే కుంకుడుకాయలు నానబెట్టుకుని కూర్చుంది. అత్తయ్య చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. ‘వాళ్లే చేయొచ్చన్నారు కదే’ అని అమ్మమ్మ వాదన.

నేను రోజంతా ఆడియో కోడ్‌తో కుస్తీ పట్టే ఇంజినీర్ని. అందుకే ఆ ఫైల్ లాప్‌టాప్‌లో తెరిచి, అసలు తేడా ఎక్కడ వస్తోందో చూశాను. ఈ వారం కాలమ్ దాని గురించే. మాట పెద్దవాళ్లకు అందాలంటే మన చేతిలో మూడు పనులున్నాయి: సంగీతం తగ్గించడం, మాటకు స్పష్టత పెంచడం, వేగం తగ్గించడం. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లోనే సగం ఫలితం ఉంది.

వాల్యూమ్ పెంచితే ఎందుకు సరిపోదు?

ముందు చెవి సంగతి. వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని శబ్దాలనూ సమానంగా తగ్గించదు. పైస్థాయి శబ్దాల నుంచి మొదలవుతుంది. మన మాటల్లో అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కు అటూ ఇటూ, దాని కిందా ఉంటుంది. స, శ, చ లాంటి హల్లుల్లో వినపడే గాలి రాపిడి 3000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. క, ప, త లాంటివి సెకనులో యాభయ్యో వంతు కూడా లేని చిన్న చప్పుడుతో పుట్టి పోతాయి. అచ్చులు గొంతుకు నిండుదనం ఇస్తాయి. ఏ మాట అన్నామో చెప్పేవి ఎక్కువగా హల్లులే.

కాలు, పాలు, చాలు. మూడింట్లోనూ ‘ఆలు’ గట్టిగా వినపడుతుంది. మొదటి హల్లు జారిపోతే ఏ మాటో ఊహించుకోవాల్సిందే. అందుకే పెద్దవాళ్లు ‘వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. అది సాకు కాదు, జరుగుతున్నది అచ్చంగా అదే.

ఇక వాల్యూమ్ పెంచామనుకోండి. అచ్చులూ, సంగీతమూ కూడా పెరుగుతాయి. పైగా లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం వినపడదు గానీ, పెద్ద శబ్దం మాత్రం మనకు ఎంత గట్టిగా ఉంటుందో వాళ్లకూ అంతే గట్టిగా ఉంటుంది. అంటే ‘వినపడలేదు’కీ ‘భరించలేను’కీ మధ్య ఉండే జాగా ఇరుకైపోతుంది. ‘ఏంట్రా, గట్టిగా చెప్పు’ అన్న మనిషే మనం గొంతు పెంచగానే ‘ఎందుకురా అలా అరుస్తావ్, నాకేం చెవుడా?’ అనడం మీ ఇంట్లో కూడా జరిగే ఉంటుంది. రెండు మాటలూ నిజమే.

ఇప్పుడు మన చేయొచ్చు, చేయొద్దు దగ్గరికి రండి. చ్చ అనేటప్పుడు క్షణం పాటు నిశ్శబ్దం, ఆ వెంటనే పైస్థాయి రాపిడి. ద్ద అనేటప్పుడు గొంతులోంచి కిందిస్థాయిలో సన్నటి గుంయ్‌మనే నాదం, తర్వాత చిన్న చప్పుడు. రాపిడిని వయసు తీసేసింది. గుంయ్‌మనే నాదాన్ని ఫోన్ స్పీకర్ సరిగా పలికించలేదు, ఎందుకంటే అంత చిన్న స్పీకర్‌కు కిందిస్థాయి శబ్దాలు తీసే సత్తా ఉండదు. మిగిలిన కాస్త నాదాన్నీ తంబురా కప్పేసింది. ఇక తేడా తెలిపే గుర్తు ఏం మిగిలింది?

దీనికి మన భాష తీరు కూడా తోడైంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. చేయాలా వద్దా అన్నది క్రియ చివర ఉంటుంది. వాక్యం చివరికి వచ్చేసరికి ఎవరి గొంతైనా తగ్గుతుంది. అంటే అన్నిటికంటే ముఖ్యమైన అక్షరం అన్నిటికంటే బలహీనమైన చోట కూర్చుంటుంది.

ఇది మీ చెవితో వినాలనుకుంటే, ఫోన్‌లో ఏదైనా వాయిస్ మెసేజ్‌ని లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పైస్థాయి శబ్దాలు కోసేసి వినండి:

```
ffplay -af "lowpass=f=1500,lowpass=f=1500" msg.m4a
```

వాల్యూమ్ తగ్గించి, పక్కన ఫ్యాన్ వేసి వింటే ఇంకా బాగా తెలుస్తుంది. పెద్దవాళ్ల వినికిడి అచ్చం ఇలాగే ఉంటుందని కాదు, అసలు లోపం ఇంతకంటే చిక్కుగా ఉంటుంది. అయినా మాట ఎక్కడ జారిపోతుందో తెలియడానికి ఇది చాలు.

మొదటి పని: సంగీతం

మూడింట్లో ముందు చేయాల్సింది ఇదే. ఎందుకంటే సంగీతం మాట మీద కూర్చుని ఉండగా స్పష్టత పెంచితే సంగీతం స్పష్టత కూడా పెరుగుతుంది. వేగం తగ్గిస్తే సంగీతం కూడా సాగుతుంది.

వెనక శబ్దం ఎంత తక్కువ ఉండాలి? వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండటం కోసం డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి. మాట ప్రధానంగా ఉన్న ఆడియోలో వెనక శబ్దం మాట కంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలని అందులో ఒక నియమం చెబుతుంది. 20 డెసిబెల్స్ అంటే అలల ఎత్తులో పదో వంతు. మన చెవికి దాదాపు నాలుగో వంతు గట్టిదనంలా అనిపిస్తుంది.

ఆసుపత్రి వీడియోలో ఎంత ఉందో కొలిచాను. రెండు వాక్యాల మధ్య సంగీతం ఒక్కటే ఉన్న చోట రెండు సెకన్లు, మాట ఉన్న చోట రెండు సెకన్లు తీసుకుని సగటు స్థాయి చూస్తే చాలు:

```
ffmpeg -i in.mp4 -vn -ac 2 a.wav
ffmpeg -ss 41 -t 2 -i a.wav -af volumedetect -f null -
```

మొదటి వరుస వీడియో నుంచి ఆడియోని విడదీస్తుంది. రెండోది 41వ సెకను నుంచి రెండు సెకన్ల పాటు కొలిచి `mean_volume` అని ఒక అంకె చూపిస్తుంది. రెండు చోట్లా అంకెలు తీసి చూస్తే తేడా 7 డెసిబెల్స్ వచ్చింది. 20 ఉండాల్సిన చోట 7.

పాతికేళ్లవాళ్లకు 7 పెద్ద సమస్య కాదు. సంగీతం ఒక్క క్షణం తగ్గినా ఆ సందులోంచి మనం మాటను పట్టేసుకుంటాం. వినికిడి తగ్గినవాళ్లు ఈ సందుల నుంచి మనంత లాభం పొందలేరు. తంబురా లాంటి ఎడతెగని శ్రుతిలో అసలు సందులే ఉండవు. పైగా కిందిస్థాయి శబ్దం తనకంటే పైస్థాయి శబ్దాలను కప్పే గుణం కలది. పాట ఉన్న సంగీతమైతే మరీ కష్టం, ఎందుకంటే అక్కడ రెండు గొంతులు పోటీ పడతాయి.

వీడియో మీరే చేస్తుంటే ఇదంతా ఒక్క నిమిషం పని. ఎడిటింగ్ యాప్‌లో మాట ఒక ట్రాక్, సంగీతం ఇంకో ట్రాక్ ఉంటాయి. సంగీతం తీసేయండి, లేదా మొదట్లో, చివర్లో మాత్రమే పెట్టండి. చాలా యాప్‌లలో మాట వచ్చినప్పుడు సంగీతాన్ని దానంతటదే తగ్గించే సదుపాయం ఉంటుంది. పెద్దవాళ్ల కోసమైతే దాన్ని నేను వాడను. మాట ఆగిన ప్రతిసారీ సంగీతం పైకి లేస్తుంది. విన్న వాక్యాన్ని మనసులో కూర్చుకోవడానికి వాళ్లకు దొరికే ఆ ఒక్క క్షణాన్నీ అది లాగేసుకుంటుంది.

నా దగ్గరున్నది కలిసిపోయిన ఫైల్. ఇక్కడ ఒక చిన్న కిటుకు పనిచేసింది. రికార్డింగ్‌లో గొంతుని సాధారణంగా మధ్యలో పెడతారు. అంటే ఎడమ చానల్లోనూ కుడి చానల్లోనూ సమానంగా ఉంటుంది. సంగీతాన్ని రెండు వైపులకూ పరుస్తారు. రెండు చానళ్లలోనూ ఒకేలా ఉన్నది ఏదో చూసి, అందులో గొంతుని పైకి తెచ్చే ఫిల్టర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ కొత్త వెర్షన్లలో ఉంది:

```
ffmpeg -i a.wav -af "dialoguenhance,pan=mono|c0=FC" b.wav
```

వేణువు చాలావరకు పోయింది. తంబురా కొంత మిగిలింది, ఎందుకంటే దాన్ని కూడా మధ్యలోనే పెట్టారు. మళ్లీ కొలిస్తే తేడా 16 డెసిబెల్స్‌కు వచ్చింది. 20 కాదు గానీ, 7 నుంచి 16 అంటే వినగానే తెలిసేంత మార్పు.

దీనికి హద్దు ఉంది. వీడియోలో ఆడియో అసలు మోనోగా ఉంటే రెండు చానళ్లూ అచ్చం ఒకటే, అప్పుడు విడదీయడానికి ఏమీ దొరకదు. ఎలా తెలుసుకోవాలంటే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సంగీతం వినండి. అది తల మధ్యలోనే, గొంతు ఉన్న చోటే ఉన్నట్టు అనిపిస్తే ఈ కిటుకు మీద ఆశ వదులుకోండి. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడినా ఫిల్టర్ మాటను కూడా కొరికేస్తోందని అర్థం. అలాంటప్పుడు సంగీతం కాస్త ఉన్నా పాత ఫైలే మేలు.

రెండో పని: స్పష్టత

సంగీతం తగ్గాక హల్లుల వంతు. ఇక్కడ చేసేవి మూడు చిన్న పనులు. 120 హెర్ట్జ్ కింద ఉన్న గుమగుమని తీసేయడం, 3000 హెర్ట్జ్ చుట్టూ 5 డెసిబెల్స్ పెంచడం, వాక్యం చివర తగ్గిపోయే గొంతుని పైకి లేపడం.

3000 ఎందుకంటే, చాలా హల్లుల గుర్తులు అక్కడున్నాయి, ఫోన్ స్పీకర్ కూడా ఆ మేరలో బాగా పలుకుతుంది, పెద్దవాళ్లలో చాలామందికి అక్కడ కాస్తో కూస్తో వినికిడి మిగిలి ఉంటుంది. 6000 పైన పెంచితే లాభం తక్కువ. వినికిడి పూర్తిగా పోయిన చోట ఎంత పెంచినా వినపడదు. వినపడేవాళ్లకేమో స, శ ఈలల్లా గుచ్చుకుంటాయి. మీరు పెంచింది ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి ‘సీసా, శాసనం, చేసుకుని’ లాంటి మాటలు వినండి. చెవిలో సూదిలా అనిపిస్తే 5ని 3కి దించండి.

మూడోది కంప్రెసర్ పని. గట్టిగా ఉన్న భాగాలను కాస్త అణిచి, మొత్తం స్థాయిని పెంచుతుంది. దాంతో వాక్యం మొదట్లో గట్టిగా ఉన్న గొంతుకూ చివర్లో సన్నగిల్లిన గొంతుకూ మధ్య దూరం తగ్గుతుంది. తెలుగుకు ఇది మరీ ముఖ్యం. మన ‘వద్దు’, ‘కాదు’, ‘లేదు’ అన్నీ ఆ చివరి సన్నని భాగంలోనే ఉంటాయి. మరీ ఎక్కువ చేస్తే గొంతు ఆగిన చోటల్లా గది చప్పుడు, తంబురా మిగులు పైకి పొంగుతూ కనిపిస్తాయి. అలా పొంగుతుంటే `ratio` విలువ తగ్గించాలి.

మూడో పని: వేగం

పైన చెప్పిన వాక్యంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాను. ‘మొదటి పది రోజులు తలస్నానం చేయొద్దు’ 15, ‘మెడ కింద నుంచి స్నానం చేయొచ్చు’ 11. మొత్తం 26. వీడియోలో ఆవిడ ఈ 26 అక్షరాలనూ మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా మూడున్నర సెకన్లలో చెప్పేసింది. సెకనుకు ఏడుకు పైనే. చేయొద్దు అన్నది మెదడుకు చేరేలోపే మెడ కింద నుంచి స్నానం వచ్చేసింది.

వేగాన్ని 0.88కి తగ్గిస్తే అదే వాక్యం నాలుగు సెకన్లవుతుంది. సెకనుకు ఆరున్నర. గొంతు లావు కాకుండా వేగం మాత్రం తగ్గించే ఫిల్టర్ పేరు `atempo`. రెండో పనీ మూడో పనీ కలిపి ఒకే వరుసలో:

```
ffmpeg -i b.wav -af "highpass=f=120,
equalizer=f=3000:t=q:w=0.9:g=5,
acompressor=threshold=0.1:ratio=3:makeup=1.5,
atempo=0.88,loudnorm=I=-16:TP=-1.5" -ar 48000 c.m4a
```

చివర్లో ఉన్న `loudnorm` మొత్తం గట్టిదనాన్ని ఒక స్థిరమైన స్థాయికి తెస్తుంది. ఒక క్లిప్ గట్టిగా, ఇంకోటి మెల్లగా రాకుండా. టైప్ చేసేటప్పుడు కొటేషన్ల మధ్య ఉన్నదంతా ఒకే వరుసలో, ఖాళీలు లేకుండా రాసుకోండి.

మరి 0.88 ఎందుకు, 0.6 ఎందుకు కాదు? వేగం తగ్గించే పద్ధతి ఏంటంటే, శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పేర్చి, అవసరమైన చోట ముక్కను మళ్లీ వాడటం. అచ్చులు సాగడానికి ఇది బాగానే ఉంటుంది, అ అన్నది కాసేపు అలాగే ఉండే శబ్దం కదా. క, ట, ప లాంటి చిటుక్కుమనే హల్లు ఉన్న ముక్కను రెండుసార్లు వాడితే మాత్రం అక్షరం తడబడుతుంది, లేదా మసకబారుతుంది. నేను చూసినంతలో 0.85 దాకా మాట సహజంగానే ఉంటుంది. 0.75కి వస్తే మత్తులో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. దాని కింద, మనం కష్టపడి పెంచిన హల్లులనే మనం పాడుచేసుకుంటాం.

అసలు లాభం మాట సాగదీయడంలో కంటే మాటల మధ్య ఆగడంలో ఎక్కువ. పెద్దవాళ్లు జారిపోయిన అక్షరాన్ని చుట్టూ ఉన్న మాటలను బట్టి పూడ్చుకుంటారు. ఆ పనికి కొంచెం సమయం కావాలి. అందుకని ఆ ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి, ప్రతి జాగ్రత్త తర్వాత ఒక సెకను ఖాళీ పెట్టాను. చేయొద్దు తర్వాత అర సెకను. రెండు నిమిషాల నలభై సెకన్ల ఆడియో చివరికి మూడు నిమిషాల పది సెకన్లు దాటింది. అంతే.

జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఇంజినీర్లు ఇదే విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల చిక్కు ఇంకా పెద్దది. వార్తలు నెమ్మది చేస్తే బులెటిన్ టైమ్ దాటిపోతుంది. అందుకని వాళ్లు మొత్తాన్నీ ఒకేలా సాగదీయలేదు. ఒక ఊపిరిలో చెప్పే మాటల్లో మొదటి భాగాన్ని నెమ్మది చేసి, పోనుపోను మామూలు వేగానికి తెచ్చి, పొడవైన విరామాలను కొంచెం కుదించి, పోయిన సమయాన్ని తిరిగి రాబట్టే పద్ధతి తయారు చేశారు. వినేవాళ్లకు నెమ్మదిగా ఉన్నట్టుంటుంది, కార్యక్రమం మాత్రం టైమ్‌కే ముగుస్తుంది. మనకు బులెటిన్ టైమ్ లేదు కాబట్టి విరామాలను కుదించే బదులు పెంచుకోవచ్చు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

‘వినపడిందా?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ఎప్పుడూ వచ్చే జవాబు ‘ఆ’. మళ్లీ అడిగితే పిల్లలు విసుక్కుంటారని వాళ్ల భయం. ‘తలస్నానం గురించి ఏమన్నారు?’ అని అడగండి. జవాబులో అవునూ కాదూ కాకుండా విషయం రావాలి.

ఇంకో చిక్కుంది. ఒకే మనిషికి పాతదీ కొత్తదీ వరసగా వినిపిస్తే రెండోది ఎప్పుడూ బాగున్నట్టే తేలుతుంది, ఎందుకంటే విషయం అప్పటికే తెలిసిపోయింది. అమ్మమ్మకు ఆ వీడియో కంఠతా వచ్చేసింది కాబట్టి పరీక్షకు ఆవిడ పనికిరాదు. అందుకే చిన్నమ్మమ్మకు పాత ఆడియో మాత్రమే, పక్కింటి మాస్టారికి కొత్తది మాత్రమే వినిపించి, ఎనిమిది జాగ్రత్తలూ తిరిగి చెప్పమన్నాను. చిన్నమ్మమ్మ నాలుగు సరిగ్గా చెప్పింది, ఒకటి తిరగేసి చెప్పింది, మిగతా మూడు గుర్తులేవంది. మాస్టారు ఏడు చెప్పారు. ఇద్దరితో శాస్త్రం తేలదు, ఇద్దరి చెవులూ ఒకటి కావు. అయినా తిరగేసి చెప్పినది ఏదో తెలుసా? తలస్నానమే.

మాస్టారికి అందని ఆ ఒక్కటీ రెండు రకాల చుక్కల మందుల మధ్య ఎంతసేపు ఆగాలన్నది. ఆ వాక్యం చెప్పేటప్పుడు గది ప్రతిధ్వని బాగా ఉంది. ప్రతిధ్వనిని ఈ ఫిల్టర్లేవీ తీయలేవు. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడుతుంది, ఆ రెండిటినీ కలిపే పెంచుతాం. దానికి మందు రికార్డ్ చేసేటప్పుడే వేయాలి. ఖాళీ గదిలో కాకుండా పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో, ఫ్యాన్ ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడాలి.

ఫోన్, టీవీల్లో ఉన్నవి

లాప్‌టాప్ తెరిచే ఓపిక లేకపోతే దగ్గరి దారులున్నాయి. యూట్యూబ్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టొచ్చు, గొంతు స్థాయి మారదు. వేగంగా మాట్లాడేవాళ్ల వీడియోలకు పనికొస్తుంది, మామూలుగా మాట్లాడేవాళ్లకు అది ఎక్కువ. చాలా టీవీల సౌండ్ సెట్టింగ్స్‌లో మాటను పైకి తెచ్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది. ఎల్‌జీలో దాని పేరు క్లియర్ వాయిస్. సినిమా మోడ్‌లో ఉన్న టీవీని అందులోకి మార్చి, సీరియల్ నేపథ్య సంగీతం మోగే సీన్‌లో తేడా చూడండి. అమెజాన్ ప్రైమ్ వీడియో 2023లో డైలాగ్ బూస్ట్ అనే సదుపాయం తెచ్చింది, కొన్ని సినిమాలకు మాట ఎక్కువున్న ఆడియో ట్రాక్ ఎంచుకోవచ్చు.

బీబీసీ 2019లో ఇంకో అడుగు వేసింది. క్యాజువాల్టీ అనే ఆసుపత్రి సీరియల్ ఒక ఎపిసోడ్‌కి ఆన్‌లైన్లో ఒక స్లైడర్ పెట్టింది. దాన్ని జరిపితే మాట, కథకు అవసరమైన శబ్దాలు అలాగే ఉండి, మిగతా హడావుడి తగ్గుతుంది. మాట, సంగీతం విడివిడిగా ఉన్న దశలోనే ఈ పని జరగాలన్నది అందులో అసలు పాఠం. కలిపేశాక నాలాంటివాడు విడదీసుకోవడం కంటే కలిపేవాళ్ల దగ్గరే ఒక మీట ఉంటే ఎంత హాయి.

ఒక హెచ్చరిక. ఇవేవీ చెవి పరీక్షకు బదులు కావు. వినికిడి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో పడిపోతే, ముఖ్యంగా ఒక్క చెవిలోనే అయితే, ఫిల్టర్లు వెతుక్కోకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మెల్లగా తగ్గుతున్నదైనా ఒకసారి ఆడియోమెట్రీ చేయించండి. కొన్నిసార్లు అడ్డుపడింది గులిమి మాత్రమే అయి ఉంటుంది. అలాగే మందుల విషయంలో ఆడియో ఎంత బాగున్నా, పెద్ద అక్షరాలతో రాసిన చీటీ పక్కన ఉండాల్సిందే.

మాట మార్చుకుంటే ఫిల్టరే అక్కర్లేదు

ఇంత ఇంజినీరింగ్ చేశాక నాకు బాగా నచ్చిన పరిష్కారం కోడ్‌లో లేదు. చేయొచ్చు, చేయొద్దు అనే జంటను వదిలేసి ‘చేయొచ్చు, చేయకూడదు’ అంటే? మూడక్షరాల మాట ఒకటి, ఐదక్షరాల మాట ఒకటి. హల్లులన్నీ జారిపోయినా మాట పొడవే తేడా చెప్పేస్తుంది. వాక్యం చివర గొంతు తగ్గినా, వెనకాల తంబురా ఉన్నా అది నిలబడుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆరు, మూడు, ఏడు అన్నీ ‘ఉ’తో ముగిసే చిన్న మాటలు. ‘రోజుకు ఆరుసార్లు’ అన్నాక ‘పొద్దున మూడు, సాయంత్రం మూడు’ అని విడదీసి చెబితే ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. చెప్పబోయే విషయం పేరు ముందే పెట్టి, ఒక్క క్షణం ఆగితే, ‘తలస్నానం సంగతి...’ అని మొదలుపెడితే, వినేవాళ్ల మెదడు ఆ మాటల కోసం ముందే సిద్ధమవుతుంది. ఒక వాక్యంలో ఒక్క జాగ్రత్తే చెప్పండి. చేయకూడనిదీ చేయదగ్గదీ ఒకే ఊపిరిలో కలపకండి.

ఈసారి ఇంట్లో పెద్దవాళ్లకు వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు బైక్ మీద నుంచో, హోటల్లోంచో వద్దు. ఫ్యాన్ ఆపండి, చివరి అక్షరం దాకా గొంతు దించకండి, వద్దు అని చెప్పాల్సిన చోట ‘కూడదు’ అనండి. ఆ తర్వాత వాళ్లకు ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమనండి. వచ్చే వారం కలుద్దాం.